మూడు ఫ్రేములకు తొమ్మిది, నాలుగు ఫ్రేములకు పది

ఒక ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ మెమరీలో ఏయే పేజీలను ఏ వరుసలో తాకిందో చెప్పే జాబితాను రిఫరెన్స్ స్ట్రింగ్ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పరీక్షలో ఈ జాబితా పది ఇరవై అంకెల వరుసగా కనిపిస్తుంది. వరుసతో పాటు ఫ్రేముల సంఖ్య ఇస్తారు, ఒక పద్ధతి పేరు చెబుతారు, ఎన్ని పేజ్ ఫాల్టులు వస్తాయో లెక్కించమంటారు. బి.టెక్ సెమిస్టర్ పరీక్షల్లోనూ గేట్‌లోనూ ఈ ప్రశ్న పదేపదే వస్తుంది. గడులు గీసి అంకెలు నింపితే మార్కులు పడతాయి కాబట్టి చాలామంది దీన్ని పట్టిక నింపే పనిగానే నేర్చుకుంటారు. కానీ పాఠ్యపుస్తకాలన్నింటిలో కనిపించే ఒక పన్నెండు అంకెల వరుసను ఓపికగా నడిపి చూస్తే, ఆ గడుల్లో మామూలు బుద్ధికి ఎదురు తిరిగే సంగతి ఒకటి బయటపడుతుంది. ఆ వరుస ఇది: 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5.

వరుసలోకి దిగేముందు అంకెల వెనక ఉన్నదేమిటో చూడాలి. ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ సమానమైన ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్క ఒక పేజీ. అసలు మెమరీని కూడా అదే కొలతలో గదులుగా విడదీస్తుంది. ఒక్కో గది ఒక ఫ్రేము. ప్రోగ్రాములోని పేజీలన్నీ ఒకేసారి మెమరీలో ఉండనక్కర్లేదు. కావలసినవి ఫ్రేముల్లో ఉంటాయి, మిగతావి డిస్కులో ఉంటాయి. వంటింటి గట్టుకూ అటకకూ ఉన్న సంబంధం లాంటిదే ఇది. గట్టు మీద చోటు తక్కువ, చెయ్యి చాపితే వస్తువు అందుతుంది. అటక మీద చోటు ఎక్కువ, నిచ్చెన వేసుకుంటే తప్ప ఏదీ అందదు. అడిగిన పేజీ ఫ్రేములో ఉంటే అది హిట్. లేకపోతే పేజ్ ఫాల్ట్: ప్రోగ్రాము ఆగిపోతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు నుంచి ఆ పేజీని తెస్తుంది, ఖాళీ ఫ్రేము లేకపోతే ఉన్నవాటిలో ఒకదాన్ని బయటికి పంపుతుంది. ఎవరిని పంపాలన్నదే పేజ్ రీప్లేస్‌మెంట్ పద్ధతి తేల్చాల్సిన ప్రశ్న.

ఈ నిచ్చెన ఎక్కడం ఎంత ఖరీదైనదో ఒక లెక్కతో తెలుస్తుంది. మెమరీని ఒకసారి తాకడానికి 200 నానోసెకన్లు, తిరిగే డిస్కు నుంచి ఒక పేజీ తేవడానికి 8 మిల్లీసెకన్లు అనుకుందాం. 8 మిల్లీసెకన్లంటే 80 లక్షల నానోసెకన్లు. వెయ్యిసార్లు తాకితే ఒక్కసారి ఫాల్ట్ వచ్చినా, సగటున ఒక్కో తాకిడికి సుమారు 8,200 నానోసెకన్లు పడుతుంది. అంటే వెయ్యింట ఒక్క తప్పుకు యంత్రం దాదాపు నలభై రెట్లు నెమ్మదిస్తుంది. నేటి ఎస్‌ఎస్‌డీలతో ఈ తేడా తగ్గింది కానీ పోలేదు. పరీక్ష పట్టికలో ఒక్క ఫాల్ట్ ఎక్కువా తక్కువా అన్నదానికి అంత విలువ ఉన్నది ఇందుకే.

ప్రశ్నలో ఒక్కోసారి పేజీ నంబర్లకు బదులు నేరుగా అడ్రసులు ఇస్తారు. పేజీ సైజు 1024 బైట్లయితే అడ్రసును 1024తో భాగించి, శేషం వదిలేసి, భాగఫలం తీసుకోవాలి. 900 అనే అడ్రసు 0వ పేజీలో ఉంటుంది. 2100, 2500 రెండూ 2వ పేజీలో. 5000 నాలుగో పేజీలో. పక్కపక్కనే ఒకే పేజీ నంబరు వస్తే దాన్ని ఒకసారే రాసినా ఫాల్టుల సంఖ్య మారదు. ఇప్పుడే తాకిన పేజీ మరుక్షణం మెమరీలో లేకుండా పోదు కదా. అయితే ఫాల్టుల సంఖ్య కాకుండా ఫాల్టుల శాతం అడిగితే జాగ్రత్తపడాలి. అక్కడ మొత్తం తాకిళ్ల లెక్క కావాలి, కుదించిన వరుస పొడవుతో భాగిస్తే జవాబు తప్పుతుంది.

ఇక మొదటి పద్ధతి ఫైఫో. ముందు వచ్చిన పేజీ ముందు పోతుంది. రేషన్ షాపు ముందు క్యూ లాంటిదే. ఎవరెంత అవసరమైనవారన్న విచారణ లేదు, వచ్చిన వరుసే ప్రమాణం. పన్నెండు అంకెల వరుసను మూడు ఫ్రేములతో నడిపితే పట్టిక ఇలా వస్తుంది. పై వరుస అడిగిన పేజీ, కింది మూడు వరుసలు మూడు ఫ్రేములు, చుక్క గుర్తు ఖాళీ ఫ్రేముకు, నక్షత్రం గుర్తు ఫాల్టుకు.

```
1 2 3 4 1 2 5 1 2 3 4 5
-----------------------
1 1 1 4 4 4 5 5 5 5 5 5
. 2 2 2 1 1 1 1 1 3 3 3
. . 3 3 3 2 2 2 2 2 4 4
-----------------------
* * * * * * * - - * * -
```

మొదటి మూడు అడుగులు ఖాళీ ఫ్రేములు నింపడంతో సరిపోయాయి, అవీ ఫాల్టులే. నాలుగో అడుగులో 4 కావాల్సి వచ్చింది, అందరికంటే ముందు వచ్చిన 1 బయటికి పోయింది. సరిగ్గా తర్వాతి అడుగులోనే 1 మళ్లీ కావాల్సి వచ్చింది. దాన్ని తేవడానికి 2ను పంపారు. వెంటనే 2 కావాల్సి వచ్చింది. దాని కోసం 3 పోయింది. పంపినదాన్నే మరుక్షణం వెనక్కి పిలవడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఏడో అడుగులో 5 వచ్చి 4ను పంపాక 1, 2 రెండూ అదృష్టవశాత్తు లోపలే ఉన్నాయి, రెండు హిట్లు దక్కాయి. తర్వాత 3, 4 ఫాల్టులు. చివరి 5 హిట్. మొత్తం తొమ్మిది ఫాల్టులు.

ఇప్పుడు యంత్రానికి ఇంకో ఫ్రేము ఇచ్చారు. చోటు పెరిగింది కాబట్టి ఫాల్టులు తగ్గాలి, తగ్గకపోతే కనీసం అంతే ఉండాలి అని ఎవరైనా అనుకుంటారు.

```
1 2 3 4 1 2 5 1 2 3 4 5
-----------------------
1 1 1 1 1 1 5 5 5 5 4 4
. 2 2 2 2 2 2 1 1 1 1 5
. . 3 3 3 3 3 3 2 2 2 2
. . . 4 4 4 4 4 4 3 3 3
-----------------------
* * * * - - * * * * * *
```

ఆరంభం బాగుంది. నాలుగు పేజీలూ లోపలికి వచ్చాయి, 1, 2 రెండోసారి అడిగితే హిట్లు వచ్చాయి. మూడు ఫ్రేముల పట్టికలో ఆ రెండు చోట్లా ఫాల్టులే. ఆరో అడుగు ముగిసేసరికి మూడు ఫ్రేములకు ఆరు ఫాల్టులు, నాలుగు ఫ్రేములకు నాలుగే. ఏడో అడుగులో 5 వచ్చింది. అక్కడి నుంచి చివరిదాకా ఒక్క హిట్టూ లేదు. 1 పోయాక 1 కావాలి, 2 పోయాక 2 కావాలి, 3 పోయాక 3 కావాలి. ఆరు అడుగులు ఆరు ఫాల్టులు. మొత్తం పది. చోటు పెంచితే ఒక ఫాల్ట్ పెరిగింది.

పట్టిక గీసిన విద్యార్థి ఇక్కడ ఎక్కడో తప్పు చేశాననుకుని కొట్టేసి మళ్లీ మొదలుపెట్టడం మామూలే. తప్పేమీ లేదు. అమెరికాలోని ఐబీఎం పరిశోధన కేంద్రంలో పనిచేసిన లాస్లో బెలాడీ, తన సహచరులు నెల్సన్, షెడ్లర్‌లతో కలిసి 1969లో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం పత్రికలో ఈ వింత ప్రవర్తన గురించి రాశాడు. అప్పటి నుంచి దానికి బెలాడీ అనామలీ అన్న పేరు స్థిరపడింది.

అయితే ఇది ఎందుకు జరిగింది? చాలా నోట్సుల్లో అనామలీ అనే పేరూ, పదీ తొమ్మిదీ అనే అంకెలూ ఉంటాయి, కారణం ఉండదు. కారణం ఏడో అడుగు గడిలోనే ఉంది. 5 లోపలికి వచ్చిన తర్వాత మూడు ఫ్రేముల యంత్రంలో ఉన్నవి 1, 2, 5. నాలుగు ఫ్రేముల యంత్రంలో ఉన్నవి 2, 3, 4, 5. పెద్ద యంత్రంలో 1 లేదు, చిన్న యంత్రంలో ఉంది. వరుసలో తర్వాత వచ్చేది సరిగ్గా ఆ 1.

అది ఎలా పోయిందో కూడా పట్టికే చెబుతుంది. మూడు ఫ్రేముల యంత్రంలో 1 మధ్యలో ఒకసారి బయటికి పోయి, ఐదో అడుగులో తిరిగి వచ్చింది. తిరిగి రావడంతో దాని వయసు కొత్తగా మొదలైంది, క్యూలో చివర నిలబడింది. నాలుగు ఫ్రేముల యంత్రంలో 1 ఎప్పుడూ బయటికి పోలేదు, ఐదో అడుగులో హిట్ దొరికింది. ఫైఫో హిట్టును లెక్కలోకి తీసుకోదు కాబట్టి దాని వయసు మొదటి అడుగు నుంచే నడుస్తూ ఉంది. 5 రాగానే అందరికంటే పాతదిగా అదే దొరికిపోయింది. ఒకచోట ఫాల్ట్ వచ్చినందువల్లే పేజీ నిలిచింది, మరోచోట హిట్ వచ్చినందువల్లే పోయింది. ఇంట్లో పోపుల పెట్టె అందరికంటే పాత సామాను కావచ్చు. రోజుకు రెండుసార్లు దానితో పని పడుతుంది. గట్టు మీద చోటు లేదని పాతదాన్నే అటకెక్కించే ఇల్లు ఎలా ఉంటుందో ఫైఫో అలా ఉంటుంది.

అందుకే రెండో పద్ధతి వచ్చిన కాలాన్ని వదిలి వాడిన కాలాన్ని చూస్తుంది. ఎల్ఆర్‌యూ నియమం ఒక్కటే: అందరికంటే ఎక్కువసేపటి నుంచి తాకని పేజీని పంపాలి. ఇటీవల వాడినది మళ్లీ వాడే అవకాశం ఎక్కువన్న అనుభవం దీనికి ఆధారం. ప్రోగ్రాములు సాధారణంగా కొద్ది పేజీల చుట్టూ కొంతసేపు తిరిగి, తర్వాత మరికొన్నింటికి జరుగుతాయి కాబట్టి ఆ అనుభవం చాలావరకు నిలబడుతుంది.

ఎల్ఆర్‌యూను కాగితం మీద నడపడానికి స్థిరమైన గడులు అంత అనుకూలం కాదు. ఒక వరుసలో పేజీలను పేర్చుకుని, ఎడమ చివర చాలాసేపటి నుంచి తాకనిదీ కుడి చివర ఇప్పుడే తాకినదీ ఉంచడం తేలిక. హిట్ వచ్చినా సరే ఆ పేజీని తీసి కుడి చివరికి చేర్చాలి. నాలుగు ఫ్రేములతో చూద్దాం. నాలుగు ఫాల్టుల తర్వాత వరుస 1, 2, 3, 4. ఐదో అడుగులో 1 హిట్. వరుస 2, 3, 4, 1 అయింది. ఆరో అడుగులో 2 హిట్. వరుస 3, 4, 1, 2. ఇప్పుడు 5 వచ్చింది. ఎడమ చివర ఉన్నది 3, కాబట్టి 3 పోయింది. వరుస 4, 1, 2, 5. ఫైఫో 1ని పంపిన చోట ఎల్ఆర్‌యూ 3ను పంపింది. దాని ఫలితం వెంటనే కనిపించింది: తర్వాతి 1, 2 రెండూ హిట్లు, వరుస 4, 5, 1, 2. పదో అడుగులో 3 కోసం 4 పోయింది, పదకొండులో 4 కోసం 5 పోయింది, పన్నెండులో 5 కోసం 1 పోయింది. మొత్తం ఎనిమిది ఫాల్టులు, ఫైఫో కంటే రెండు తక్కువ.

మూడు ఫ్రేములతో కథ వేరుగా ఉంటుంది. 1, 2, 3, 4, 1, 2, 5 వరకు ఎల్ఆర్‌యూ అడుగడుగునా ఫైఫో చేసినదే చేస్తుంది, ఏడు ఫాల్టులు. ఆపైన 1, 2 హిట్లు. వరుస 5, 1, 2. ఇప్పుడు 3 కావాలి. ఎడమ చివర ఉన్నది 5, దాన్ని పంపింది. తర్వాత 4 కోసం 1ని పంపింది. చివరి అడుగులో కావాల్సింది 5, అది రెండడుగుల ముందే పోయింది. మొత్తం పది ఫాల్టులు. అదే మూడు ఫ్రేములతో ఫైఫోకు వచ్చినవి తొమ్మిది. ఎల్ఆర్‌యూ ఫైఫో కంటే ఎప్పుడూ మంచిదని రాసే జవాబుకు ఈ ఒక్క వరుసే అడ్డం నిలుస్తుంది. గతం చూసి భవిష్యత్తును ఊహించే ఏ పద్ధతైనా ఎక్కడో ఒకచోట ఓడుతుంది. ఎల్ఆర్‌యూ ఓడే చోటు బాగా తెలిసినదే: ఫ్రేముల కంటే ఒక్క పేజీ ఎక్కువున్న చుట్టు. మూడు ఫ్రేములతో 1, 2, 3, 4, 1, 2, 3, 4 అని తిరిగే ప్రోగ్రాముకు ఎల్ఆర్‌యూ ఒక్క హిట్టూ ఇవ్వదు, ఎందుకంటే తర్వాత కావాల్సిన పేజీయే ప్రతిసారీ అందరికంటే ఎక్కువసేపటి నుంచి తాకనిదిగా ఉంటుంది.

మరి ఎల్ఆర్‌యూలో ఉన్న అసలు గుణం ఏమిటి? ఫ్రేములు పెంచితే ఫాల్టులు పెరగవన్న హామీ. అది ఏదో ఒక వరుసకు చెప్పే మాట కాదు, ఏ వరుసకైనా వర్తిస్తుంది. మూడు ఫ్రేముల ఎల్ఆర్‌యూలో ఏ క్షణాన చూసినా ఉండేవి చివరగా తాకిన మూడు వేర్వేరు పేజీలు. నాలుగు ఫ్రేములదానిలో ఉండేవి చివరగా తాకిన నాలుగు. ఆ నాలుగులో ఈ మూడూ తప్పక ఉంటాయి. కాబట్టి చిన్న యంత్రంలో హిట్ అయినది పెద్ద యంత్రంలో ఫాల్ట్ కాలేదు. ఫైఫో పట్టికలో ఏడో అడుగున 1 చిన్నదానిలో ఉండి పెద్దదానిలో లేకపోయిందే, అలాంటి సందర్భం ఎల్ఆర్‌యూలో పుట్టే వీలే లేదు. ఈ గుణమున్న పద్ధతులను స్టాక్ అల్గారిథమ్‌లు అంటారు. మాట్సన్, గెచేయి, స్లట్జ్, ట్రేగర్ అనే నలుగురు పరిశోధకులు 1970లో ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో ఈ భావనను వివరించారు.

వారి వ్యాసం నుంచి పరీక్ష హాల్లో నేరుగా పనికొచ్చే కిటుకు కూడా ఒకటి వస్తుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని తక్కువగా చెబుతాయి, నిజానికి ఎక్కువగా చెప్పాల్సింది ఇదే. ఎల్ఆర్‌యూకు ఒక్కో ఫ్రేము సంఖ్యకు ఒక్కో పట్టిక గీయనక్కర్లేదు. ఫ్రేములన్న మాటే మరిచి, ఇప్పటిదాకా తాకిన పేజీలన్నింటినీ ఇటీవలిది పైన ఉండేలా ఒక దొంతరగా పేర్చుకుంటూ పోవాలి. కొత్త పేజీ అడిగినప్పుడల్లా అది దొంతరలో పైనుంచి ఎన్నోదో చూసి ఆ సంఖ్య రాసుకుని, తర్వాత దాన్ని తీసి పైన పెట్టాలి. అసలు దొంతరలోనే లేకపోతే కొత్తది అని రాసుకోవాలి.

మన వరుసలో మొదటి 1, 2, 3, 4 నాలుగూ కొత్తవి. ఐదో అడుగున దొంతర పైనుంచి 4, 3, 2, 1. అడిగిన 1 నాలుగో స్థానంలో ఉంది. దాన్ని పైకి చేరిస్తే 1, 4, 3, 2. తర్వాత అడిగిన 2 కూడా నాలుగో స్థానమే. 5 కొత్తది. అప్పుడు దొంతర 5, 2, 1, 4, 3. అడిగిన 1 మూడో స్థానం. పైకి చేరిస్తే 1, 5, 2, 4, 3. అడిగిన 2 మూడో స్థానం. ఇప్పుడు దొంతర 2, 1, 5, 4, 3. 3 అయిదో స్థానం. ఆ తర్వాత 4, 5 కూడా తమ వంతు వచ్చేసరికి అయిదో స్థానంలోనే దొరుకుతాయి. మొత్తం మీద కొత్తవి అయిదు, మూడో స్థానంలో దొరికినవి రెండు, నాలుగో స్థానంలో రెండు, అయిదో స్థానంలో మూడు. స్థానం ఫ్రేముల సంఖ్యను మించితే ఫాల్ట్, లేకపోతే హిట్. మూడు ఫ్రేములకు కొత్తవి అయిదు, నాలుగో స్థానంవి రెండు, అయిదో స్థానంవి మూడు కలిపి పది. నాలుగు ఫ్రేములకు అయిదూ మూడూ కలిపి ఎనిమిది. అయిదు ఫ్రేములకు అయిదే. రెండు ఫ్రేములకు పన్నెండుకు పన్నెండూ. ఒక్క నడకలో అన్ని జవాబులూ వచ్చాయి, పైన విడివిడిగా నడిపిన రెండు లెక్కలతోనూ సరిపోయాయి. ఫైఫోకు ఈ కిటుకు పనిచేయదు, దానికి ప్రతి ఫ్రేము సంఖ్యకూ వేరే పట్టిక గీయాల్సిందే.

ఈ రెండింటినీ కొలవడానికి ఒక గీటురాయి ఉంది. బెలాడీ 1966లో ప్రచురించిన వ్యాసంలో దాన్ని వాడాడు: అందరికంటే ఆలస్యంగా మళ్లీ కావాల్సి వచ్చే పేజీని పంపడం. అంతకంటే తక్కువ ఫాల్టులు ఏ పద్ధతికీ సాధ్యం కాదు. మన వరుసకు మూడు ఫ్రేములతో ఏడు, నాలుగుతో ఆరు. నాలుగో అడుగులో అది 1ని ముట్టుకోదు. 1 తర్వాతి అడుగులోనే, 2 ఆపై అడుగులో కావాలి, 3 మాత్రం పదో అడుగు దాకా అక్కర్లేదు కాబట్టి 3ను పంపుతుంది. పరీక్షలో వరుస మొత్తం కళ్లముందు ఉంటుంది కనుక ఇది చేయవచ్చు. నడుస్తున్న యంత్రానికి రాబోయేది తెలియదు, అందుకే ఇది పోల్చి చూసుకోవడానికే తప్ప అమలుకు కాదు.

పట్టికలు తప్పే చోట్లు కొన్ని ఉన్నాయి, అవి దాదాపు ప్రతి ఏటా అవే. అన్నింటికంటే ఎక్కువ జరిగేది హిట్ దగ్గర. ఫైఫో నడుపుతూ హిట్ వచ్చిన పేజీని క్యూ చివరికి జరిపితే అది ఎల్ఆర్‌యూ అయిపోతుంది. ఎల్ఆర్‌యూ నడుపుతూ హిట్టును పట్టించుకోకపోతే ఫైఫో అయిపోతుంది. నాలుగు ఫ్రేముల లెక్కలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఏడో అడుగు చూస్తే చాలు: ఫైఫోలో 1 పోవాలి, ఎల్ఆర్‌యూలో 3 పోవాలి. రెండో పొరపాటు మాటల్లో ఉంది. పేజ్ ఫాల్టులు ఎన్ని అని అడగడం వేరు, పేజీ రీప్లేస్‌మెంట్లు ఎన్ని అని అడగడం వేరు. ఖాళీ ఫ్రేము నింపితే ఫాల్టే కానీ ఎవరినీ పంపలేదు. మూడు ఫ్రేముల ఫైఫోలో ఫాల్టులు తొమ్మిది, రీప్లేస్‌మెంట్లు ఆరు. ఫ్రేములు మొదట ఖాళీగా ఉన్నాయో లేదో కూడా ప్రశ్నలో చూసుకోవాలి; కొన్ని ప్రశ్నల్లో ముందే కొన్ని పేజీలు లోపల ఉన్నాయని చెబుతారు.

నిజమైన యంత్రంలో ఎల్ఆర్‌యూ ఉన్నదున్నట్టు నడవదు. కాగితం మీద పేజీని వరుసలో చివరికి జరపడం ఒక క్షణం పని. యంత్రంలో ప్రతి మెమరీ తాకిడికీ ఆ వరుసను సవరించాలంటే, ఒక్కో తాకిడికి అదనంగా మరికొన్ని తాకిళ్లు కావాలి. ఆదా చేయబోయిన సమయం అక్కడే ఖర్చవుతుంది. అందుకని హార్డ్‌వేర్ ఒక్కో పేజీకి ఒకే ఒక్క బిట్టు ఇస్తుంది, పేజీని తాకగానే దాన్ని 1 చేస్తుంది. ఎప్పుడు తాకారో ఆ బిట్టు చెప్పదు, ఈ మధ్య తాకారా లేదా అన్నదే చెబుతుంది. దాని మీద నడిచేదే క్లాక్ పద్ధతి. 1960ల చివర మల్టిక్స్ వ్యవస్థలో ఫెర్నాండో కోర్బాటో దీన్ని ప్రయోగించాడు. ఫ్రేములను గడియారం ముఖం మీది అంకెల్లా గుండ్రంగా పేర్చి, ముల్లు ఒక్కో ఫ్రేము దగ్గర ఆగుతుంది. బిట్టు 1 ఉంటే దాన్ని 0 చేసి వదిలేసి ముందుకు పోతుంది, 0 ఉంటే ఆ పేజీని పంపుతుంది. అంటే ఫైఫోకు ఒక రెండో అవకాశం చేర్చినట్టు.

ఆ రెండో అవకాశం ఎంతవరకు పనిచేస్తుందో చూడటానికి మళ్లీ అదే వరుస చాలు. పేజీని తెచ్చినప్పుడే బిట్టు 1 పెడతారనుకుని నాలుగు ఫ్రేములతో నడిపితే, 5 వచ్చేసరికి నాలుగు పేజీల బిట్లూ 1గానే ఉంటాయి. 1, 2 ఇప్పుడే తాకినవి, 3, 4 అప్పుడెప్పుడో తాకినవి. ఆ తేడా బిట్లలో కనిపించదు. ముల్లు ఒక చుట్టు తిరిగి అన్నింటినీ 0 చేసి, మొదలైన చోటికే వచ్చి 1ని పంపుతుంది. సరిగ్గా ఫైఫో చేసిన పనే. అక్కడి నుంచి చివరిదాకా పట్టిక అంకెకు అంకె ఫైఫో పట్టికే. మూడు ఫ్రేములతో నడిపినా అంతే: పదో అడుగులో 3 కోసం ముల్లు మూడు బిట్లనూ 0 చేసుకుంటూ చుట్టు తిరిగి 1 దగ్గరికే వస్తుంది. క్లాక్‌కు కూడా మూడు ఫ్రేములతో తొమ్మిది ఫాల్టులు, నాలుగు ఫ్రేములతో పది.